హాట్‌స్పాట్ గంటల తరబడి నడిచినా ఫోను కాగకుండా, ఛార్జింగ్ కరిగిపోకుండా

మా అక్క ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. ఆమె లాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఫోను హాట్‌స్పాట్ నుంచే అందుతుంది. రోజుకు అయిదారు గంటలు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఒరేయ్, ఫోను ఇస్త్రీపెట్టెలా కాలుతోందిరా. ఛార్జర్ పెట్టే ఉంచాను, అయినా శాతం పెరగడం లేదు. కొత్త ఫోను కొనాలా?" అని అడిగింది. అప్పటికే తెర వెలుగు తగ్గించింది, వాడని యాప్‌లన్నీ మూసేసింది, ఎవరో చెబితే రెండుసార్లు రీస్టార్ట్ కూడా చేసింది. ఏదీ పనిచేయలేదు. ఎందుకంటే వేడి పుట్టే చోటు అది కాదు.

హాట్‌స్పాట్ నడుస్తున్న ఫోనులో మూడు పొయ్యిలు వెలుగుతుంటాయి. ఒకటి టవర్‌తో మాట్లాడే మోడెమ్. రెండోది లాప్‌టాప్‌తో మాట్లాడే వైఫై. మూడోది, ఛార్జర్ పెట్టి ఉంటే, బ్యాటరీలోకి కరెంటు ఎక్కించే ప్రక్రియ. తెర ఆరిపోయి ఉన్నా ఈ మూడూ ఆగవు. ఫోను నుంచి బయటికి వచ్చే వేడి అంతా అంతకుముందు బ్యాటరీలోనో ఛార్జర్‌లోనో ఉన్న కరెంటే కాబట్టి, వేడికి ఒక చిట్కా, ఛార్జింగ్‌కు ఇంకో చిట్కా అని విడివిడిగా వెతకనక్కర్లేదు. పొయ్యి చిన్నదైతే రెండూ తగ్గుతాయి. ఏ పొయ్యి ముందు తగ్గించాలన్నదే ప్రశ్న.

ముందు కొలవండి

ఊహతో మొదలుపెడితే ఏ మార్పు పనిచేసిందో చివరికి తెలియదు. ఛార్జర్ తీసేసి, హాట్‌స్పాట్ పెట్టి, మీరు రోజూ చేసే పనే ఒక గంట చేయండి. మొదట్లో శాతం ఎంత, గంట తర్వాత ఎంత అని రాసుకోండి.

ఆ శాతాన్ని వాట్లలోకి మార్చుకుంటే అసలు సంగతి కనిపిస్తుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో, సుమారు 3.85 వోల్టుల లెక్కన, 19 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. గంటకు 16 శాతం పోతుంటే ఫోను సుమారు 3 వాట్లు తాగుతోందని అర్థం. ఆరు గంటల్లో ఖాళీ. గంటకు 8 శాతమే పోతుంటే వాడకం ఒకటిన్నర వాట్లు. పన్నెండు గంటలు వస్తుంది. మూడు వాట్లు వినడానికి చిన్న అంకే. కానీ ఫ్యాను లేని, గాలి దూరని, అరచేయంత పెట్టెలో గంటల తరబడి ఆ మూడు వాట్లు పోగవుతుంటే బయటికి పోయే దారి చాలదు.

ఉష్ణోగ్రత కూడా తెలుసుకోవచ్చు. బ్యాటరీ వివరాలు చూపే యాప్‌లు చాలా ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోనులో USB debugging ఆన్ చేసి, కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే ఏడీబీ అనే పనిముట్టు ఉన్నవారు ఈ ఆదేశం ఇవ్వవచ్చు:

```
adb shell dumpsys battery
```

వచ్చే వరుసల్లో `temperature: 412` లాంటిది ఒకటి ఉంటుంది. అది డిగ్రీలో పదో వంతుల్లో చెప్పే అంకె, అంటే 41.2 డిగ్రీల సెల్సియస్. 35 లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 40 దాటి గంటల తరబడి నిలబడితే బ్యాటరీ ఆయుష్షు తరుగుతోందని లెక్క. 45 దగ్గరికి వస్తే చాలా ఫోన్లు ఛార్జింగును తగ్గించేస్తాయి లేదా పూర్తిగా ఆపేస్తాయి. అక్క ఫోనులో శాతం పెరగకపోవడానికి సగం కారణం అదే. ఛార్జర్ పాడవలేదు, ఫోనే వద్దంటోంది.

మొదటి పొయ్యి: బలహీనమైన సిగ్నల్

ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. టవర్ దూరంగా ఉన్నా, మధ్యలో గోడలు అడ్డొచ్చినా, ఫోను గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తుంది. దగ్గరి టవర్‌తో గుసగుసగా మాట్లాడే మోడెమ్, దూరపు టవర్‌కు అరిచి చెబుతుంది. మామూలు ఫోను 4G మీద బయటికి పంపగల గరిష్ఠ శక్తి సుమారు 0.2 వాట్లు. అంత శక్తిని యాంటెనా దాకా చేర్చడానికి లోపలి యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు లాగుతుంది, మిగిలినదంతా వేడి. సిగ్నల్ బాగున్నప్పుడు ఇందులో చిన్న భాగంతోనే పని జరిగిపోతుంది.

తెర మీది గీతలను నమ్మకండి, ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో ఫోను ఒక్కో రకంగా లెక్కవేస్తుంది. అసలు అంకె చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో About phone లోపల SIM status అనే చోట Signal strength ఉంటుంది. ఫోను కంపెనీని బట్టి దారి కొంచెం మారవచ్చు. అక్కడ -92 dBm లాంటి రుణ సంఖ్య కనిపిస్తుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. 4G మీద -80 నుంచి -95 మధ్య ఉంటే హాయి. -110 దాటి కిందికి పోతే మోడెమ్ ఆయాసపడుతున్నట్లే. ఈ కొలత మామూలు లెక్క కాదు: 10 అంకెలు మెరుగైతే అందే సిగ్నల్ పది రెట్లు పెరిగినట్లు. అందుకే రెండు మీటర్లు జరిపినా ఫలితం ఆశ్చర్యంగా ఉంటుంది.

అక్క ఫోను ఎక్కడ ఉందో చూశాను. గది లోపలి గోడకు ఉన్న అరలో, ఇనుప బీరువా పక్కన. అంకె -113. చేతిలో పట్టుకుని గదంతా తిరిగాం. మంచం దగ్గర -108, తలుపు దగ్గర -106, కిటికీ గట్టు మీద -94. ఒక్కో చోట పెట్టి అర నిమిషం ఆగి చూడాలి, ఎందుకంటే అంకె వెంటనే మారదు. ఫోను తలకిందులుగా పెట్టినా, నిలబెట్టినా రెండు మూడు అంకెల తేడా వస్తుంది; ఆ తేడాను పట్టించుకోకుండా పది అంకెల తేడా కోసం వెతకండి.

ఇక్కడే ఒక చిక్కు. మంచి సిగ్నల్ ఉండే కిటికీయే ఎండ పడే చోటు కూడా. ఎండలో పెడితే టవర్ వల్ల దక్కిన లాభాన్ని సూర్యుడు లాగేసుకుంటాడు. కిటికీ పక్కనే, కానీ నీడలో పెట్టండి. పొద్దున నీడ ఉన్న గట్టు మధ్యాహ్నానికి ఎండలోకి వస్తుందేమో ముందే చూసుకోండి. అక్క ఇంట్లో అదే జరిగింది. చివరికి కిటికీకి అడుగు దూరంలో ఒక స్టూలు వేశాం. అంకె -96 దగ్గర నిలిచింది, ఎండ పడలేదు.

5G విషయంలో ఒక మాట. మంచి 5G ఉంటే పని త్వరగా ముగుస్తుంది, మోడెమ్ త్వరగా విశ్రమిస్తుంది, 5Gని ఆపేయనక్కర్లేదు. కానీ చాలా నెట్‌వర్క్‌లలో 5G గుర్తు వెలుగుతున్నా, ఫోను 4G లంకెను కూడా పట్టుకునే ఉంటుంది. అంటే రెండు రేడియోలు ఒకేసారి పనిచేస్తుంటాయి. 5G సిగ్నల్ బలహీనంగా ఉండి, గుర్తు మాటిమాటికీ 4Gకి మారుతూ ఉంటే అది రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. అప్పుడు నెట్‌వర్క్ రకాన్ని 4Gకి, సెట్టింగ్స్ భాషలో LTEకి, కట్టేయండి. పాఠం చెప్పడానికి, మెయిళ్లకు, పత్రాలకు ఆ వేగం చాలు.

రెండో పొయ్యి: వైఫై. దీన్ని పూర్తిగా ఆర్పవచ్చు

మామూలుగా ఫోను ఎవరిదో వైఫైకి అతిథిగా ఉన్నప్పుడు, పని లేనప్పుడు దాని వైఫై కునుకు తీస్తుంది. హాట్‌స్పాట్ పెట్టినప్పుడు ఫోనే ఇంటి యజమాని. ఎవరు ఎప్పుడు తలుపు తడతారో తెలియదు కనుక నిద్రపోవడానికి లేదు; సెకనుకు దాదాపు పదిసార్లు "నేను ఇక్కడ ఉన్నాను" అని సంకేతం పంపుతూనే ఉండాలి. దాని మీద లాప్‌టాప్‌కు పోయే ప్రతి బైటూ రెండుసార్లు ప్రయాణిస్తుంది: టవర్ నుంచి ఫోనుకు, ఫోను నుంచి లాప్‌టాప్‌కు.

లాప్‌టాప్ ఒక్కటే వాడుతుంటే తీగతో కలపడం అన్నిటికన్నా మంచి పని. ఫోనును యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు తగిలించి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో USB tethering ఆన్ చేయండి. తర్వాత వైఫై హాట్‌స్పాట్ ఆపేయండి. ఈ రెండో పని మరచిపోయి ఫలితం లేదని అనుకునేవారు చాలామంది. ఐఫోనులో వేరే మీట లేదు. Personal Hotspot ఆన్‌లో ఉంచి తీగ తగిలించి, ఈ కంప్యూటర్‌ను నమ్మాలా అని ఫోను అడిగినప్పుడు ఒప్పుకుంటే చాలు. విండోస్ కంప్యూటర్ అయితే ఆపిల్ వారి సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. ఛార్జింగ్ మాత్రమే చేసే చవక తీగలు కొన్ని ఉంటాయి, వాటిలో డేటా పోదు. USB tethering మీట బూడిద రంగులో ఉండి కదలకపోతే ముందు తీగ మార్చి చూడండి.

తీగకు ఇంకో లాభం ఉంది. పాత తరహా యూఎస్‌బీ పోర్టు ఫోనుకు రెండున్నర వాట్లు, నీలం రంగు నాలుక ఉండే యూఎస్‌బీ 3 పోర్టు నాలుగున్నర వాట్లు ఇస్తుంది. ఫోను తాగేది కూడా అంతే కదా. చాలా ఫోన్లలో బయటి నుంచి వచ్చే కరెంటు ముందు ఫోను నడవడానికి పోతుంది, మిగిలితేనే బ్యాటరీలోకి ఎక్కుతుంది. అంటే చిన్న ధార ఒకటి నిలకడగా వస్తుంటే బ్యాటరీ పెద్దగా దిగదు, పెద్దగా ఎక్కదు, వేడెక్కదు. లాప్‌టాప్ తన సొంత బ్యాటరీ మీద నడుస్తుంటే మాత్రం ఆ భారం దాని మీద పడుతుందని గుర్తుంచుకోండి.

తీగ కుదరకపోతే, ఫోనూ లాప్‌టాపూ పక్కపక్కనే ఉన్నప్పుడు హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ పెట్టండి, గోడ అవతల ఉంటే 2.4 గిగాహెర్ట్జ్. దీని మీద జనం గంటలు వాదించుకుంటారు గానీ వేడి విషయంలో సిగ్నల్ ముందు ఈ తేడా చిన్నది. బ్లూటూత్ ద్వారా ఇంటర్నెట్ పంచుకోవడం ఇంకా తక్కువ కరెంటుతో జరుగుతుంది, కానీ వేగం సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లకు మించడం కష్టం. అక్షరాలతో పనిచేసేవారికి సరిపోతుంది, పాఠాలకు సరిపోదు.

మూడో పొయ్యి: వేగపు ఛార్జర్

అక్క పెట్టింది ఫోనుతో వచ్చిన 33 వాట్ల ఛార్జర్. ఖాళీ అవుతుందేమోనన్న భయంతో ఉదయం నుంచి గుచ్చే ఉంచింది. హాట్‌స్పాట్ మూడు వాట్ల వేడి పుట్టిస్తుంటే, వేగపు ఛార్జింగ్ దాని పైన ఇంకా కొంత పోస్తుంది. ఫోను కాగి ఛార్జింగ్ ఆపుతుంది, చల్లారగానే మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ కాగుతుంది. లిథియం బ్యాటరీకి అన్నిటికన్నా చెడ్డది నిండుగా ఉండి వేడిగా ఉండడం. వంద శాతంతో 40 డిగ్రీల దగ్గర రోజూ గంటలు గడిపే బ్యాటరీ, రెండేళ్లలో పోగొట్టుకోవాల్సిన సామర్థ్యాన్ని చాలా ముందే పోగొట్టుకుంటుంది.

పని మొదలుపెట్టక ముందే, ఫోను చల్లగా ఉన్నప్పుడు, వేగపు ఛార్జర్‌తో 80 శాతం దాకా నింపుకోండి. పని మొదలయ్యాక దాన్ని తీసేసి, లాప్‌టాప్ పోర్టుకో, పాత 5 వాట్ల ఛార్జర్‌కో మారండి. బ్యాటరీ సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే వీలుంటే ఆన్ చేయండి. ఇటీవలి ఐఫోన్లలో, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. తీగ లేని ఛార్జింగ్ పలకను ఈ పనికి అసలు వాడకండి. అందులో వృథా అయ్యే శక్తి ఫోను వీపు మీదే వేడిగా దిగుతుంది.

పొయ్యిలో కట్టెలు వేసేది లాప్‌టాప్

ఇంతవరకు ఫోను గురించే మాట్లాడాం. మోడెమ్‌ను రోజంతా మెలకువగా ఉంచేది మాత్రం అవతల ఉన్న కంప్యూటర్. దానికి ఫోను హాట్‌స్పాట్ అన్న సంగతి చాలాసార్లు తెలియదు, హద్దులేని ఇంటి ఇంటర్నెట్ దొరికిందనుకుని అప్‌డేట్లు దించుకుంటుంది, ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కిస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు తెలియాలి. మొదటిది, దించుకోవడం కన్నా ఎక్కించడం ఖరీదైన పని. దించుకునేటప్పుడు అరిచేది టవర్, ఎక్కించేటప్పుడు అరిచేది మీ ఫోను. బలహీనమైన సిగ్నల్‌లో ఈ తేడా ఇంకా పెద్దది. రెండోది, చివరి బైటు వెళ్లిన వెంటనే మోడెమ్ నిద్రపోదు. ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు, ఒక్కోసారి పది సెకన్ల పైన, మెలకువగానే ఉంటుంది. ప్రతి అయిదు సెకన్లకు ఒక చిన్న పలకరింపు పంపే ట్యాబ్ ఒక్కటి తెరిచి ఉన్నా దానికి కునుకు పట్టదు. డేటా లెక్కలో అది చిల్లర, బ్యాటరీ లెక్కలో కాదు.

విండోస్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి Metered connection ఆన్ చేయండి. పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. మ్యాక్‌లో అదే వైఫై వివరాల్లో Low Data Mode ఉంటుంది. తీగతో కలిపితే విండోస్ దాన్ని ఈథర్నెట్ అనుకుంటుంది, అక్కడ ఇదే మీట మళ్లీ విడిగా నొక్కాలి. వైఫైకి చేసింది దీనికి వర్తించదు. క్లౌడ్ ఫోటోల సింక్‌ను చేత్తో ఆపండి, రాత్రి హాట్‌స్పాట్ అవసరం లేని చోట నడిపించండి. ఫోనులో Data Saver ఆన్ చేసి డేటా మిగుల్చుదామనుకుంటే మాత్రం ఆగండి: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ పనిచేయదు.

వీడియో కాల్ ఈ లెక్కలన్నిటికీ పెద్దన్న. 720p నాణ్యతతో మీ ముఖం పంపడానికి సెకనుకు సుమారు ఒక మెగాబిట్, ఒక్కోసారి ఒకటిన్నర, ఆగకుండా ఎక్కించాలి. మాటకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. అక్క మొదటి పది నిమిషాలు పిల్లలకు ముఖం చూపించి, తర్వాత కెమెరా ఆపి తెర మీది పాఠాన్నే చూపిస్తోంది. కదలని తెరను పంపడానికి పట్టే డేటా చాలా తక్కువ.

వేడికి దారి ఇవ్వడం

పొయ్యిలు తగ్గించాక మిగిలిన వేడి బయటికి పోవాలి. కవరు తీసేయండి, రబ్బరు కవరు స్వెటరు లాంటిది. మంచం మీద, దిండు మీద, పుస్తకాల మధ్య పెట్టకండి. లాప్‌టాప్ మీదా పెట్టకండి, అది సొంతంగా ఒక పొయ్యి. రాయి, గాజు, లోహం ఏదైనా గట్టి తలం మీద, వీపు కింద రెండు పెన్సిళ్లు అడ్డంగా పెట్టి కొంచెం ఎత్తితే గాలి ఆడుతుంది. లోహపు తలమైతే సిగ్నల్ అంకె మళ్లీ ఒకసారి చూసుకోండి, తగ్గితే మార్చండి. బల్ల ఫ్యాను గాలి సన్నగా తగిలినా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టడం, ఐసు ముక్కల మీద పెట్టడం వద్దు. చల్లటి ఫోను బయటి గాలిలోకి రాగానే లోపల తేమ పడుతుంది. వేడి తగ్గించబోయి నీళ్లు పోసుకున్నట్లు అవుతుంది.

అక్క ఫోనులో ఏం జరిగింది

అన్నీ ఒకేసారి మార్చలేదు. రోజుకు ఒకటి. మొదటి రోజు ఛార్జర్ లేకుండా గంటకు 17 శాతం పోయింది, ఉష్ణోగ్రత 43 దాకా వెళ్లింది. స్టూలు మీదికి మార్చిన రోజు 11 శాతం, 39 డిగ్రీలు. ఫోటోల సింక్ ఆపి, కెమెరా తగ్గించిన రోజు 8 శాతం. ఆ తర్వాత రెండు మీటర్ల తీగతో లాప్‌టాప్‌కు కలిపాం. మూడు గంటల పాఠం ముగిసేసరికి శాతం 78 నుంచి 74కు దిగింది, ఉష్ణోగ్రత 36 దాటలేదు. అన్నిటికన్నా పెద్ద అడుగు ఆ స్టూలే. దానికి ఖర్చేమీ కాలేదు కాబట్టి అక్కకు నమ్మకం కుదరడానికి మాత్రం కొంచెం సమయం పట్టింది.

మీ ఫోనులో అంకెలు వేరుగా ఉంటాయి. పాత బ్యాటరీలో 5000 అని రాసి ఉన్నా అంత నిజంగా మిగిలి ఉండదు, కాబట్టి శాతం వేగంగా దిగుతుంది. పోల్చాల్సింది మీ నిన్నటి అంకెతోనే.

వేగం తగ్గితే నెట్‌వర్క్‌నే తిట్టకండి

మొదటి అరగంట బాగా నడిచి, తర్వాత వేగం పడిపోతే కారణం వేడి కావచ్చు. కాగిన ఫోను తనను తాను కాపాడుకోవడానికి ముందు తెర వెలుగు తగ్గిస్తుంది, 5G వదిలి 4Gకి దిగుతుంది, ఛార్జింగ్ ఆపుతుంది, చివరికి హాట్‌స్పాట్‌నే ఆపేస్తుంది. తేల్చుకోవడం సులువు. హాట్‌స్పాట్ ఆపి, కవరు తీసి, పది నిమిషాలు నీడలో వదిలేసి, అదే చోట మళ్లీ వేగం చూడండి. తిరిగొస్తే అది వేడి. రాకపోతే టవర్ వైపు రద్దీ, దానికి మీ చేతిలో మందు లేదు.

ఒక గుర్తు మాత్రం వేరు. ఫోను వెనుక మూత ఉబ్బినా, తెర అంచు లేచినట్లు కనిపించినా, చదునైన బల్ల మీద పెడితే ఊగినా, బ్యాటరీ లోపల గ్యాసు చేరిందని అర్థం. ఛార్జర్ తీసి, ఫోను ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా బ్యాటరీ మార్చేవారికి ఇవ్వండి. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాది పొడవునా హాట్‌స్పాట్ తప్పనివారికి సిమ్ వేసుకునే చిన్న రౌటరే సరైన పరికరం. గోడ కరెంటు మీద నడిచే రకం అయితే అందులో కాగడానికి బ్యాటరీయే ఉండదు, దాన్ని కిటికీ దగ్గర శాశ్వతంగా ఉంచేయవచ్చు. అక్క ఇంకా కొనలేదు. స్టూలుతో సరిపెట్టుకుంటోంది.